వెయిటర్‌కు వార్నింగ్ లెటర్: పది లేట్లలో మిగిలినవి రెండు

“మీరు తరచూ ఆలస్యంగా వస్తున్నారు. ఎన్నిసార్లు హెచ్చరించినా మీ ప్రవర్తనలో మార్పు లేదు. ఇకపై ఇలాగే కొనసాగితే ఏ క్షణమైనా ఉద్యోగం నుంచి తొలగిస్తామని ఇందుమూలంగా తెలియజేస్తున్నాం.”

హోటళ్లలో వెయిటర్ల చేతికొచ్చే మెమోలకు ఇది బాగా అలవాటైన బాణీ. చదవడానికి గట్టిగానే ఉంటుంది. కానీ ఏ రోజు ఆలస్యమైంది, అసలు ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వచ్చాడు, ఎవరు ఎప్పుడు చెప్పారు అని అడిగితే ఒక్కదానికీ ఇందులో జవాబు దొరకదు. అందుకున్న వెయిటర్ దీన్ని కాదనలేడు, ఔననలేడు. తలొంచుకుని జేబులో పెట్టుకుంటాడు. రేపు వ్యవహారం లేబర్ ఆఫీసు దాకా వెళ్తే, రాసిన మేనేజర్ కూడా ఈ కాగితం చూపించి ఏమీ నిరూపించలేడు. అంత కోపంగా రాసిన ఉత్తరం ఇద్దరికీ పనికిరాకుండా పోతుంది.

పనికొచ్చే ఉత్తరం ఎలా తయారవుతుందో చూడాలంటే ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా నడిపించాలి. విజయవాడలో అరవై సీట్ల ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ ఒకటి ఉందనుకుందాం. వెయిటర్లది బ్రేక్ షిఫ్టు. ఉదయం పదకొండు నుంచి మూడున్నర వరకు ఒక విడత, మళ్లీ సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదకొండు వరకు రెండో విడత. రెండు విడతల్లో భోజనానికి అరగంట చొప్పున తీసేస్తే ఎనిమిది గంటల పని. మన కథలోని వెయిటర్ కంకిపాడు నుంచి వస్తాడు, చేరి ఏడాదిన్నర అయింది. సర్వీసు బాగుంటుందని కస్టమర్లు పేరు పెట్టి అడుగుతారు. మేనేజర్ మాత్రం జూలై నాటికి విసిగిపోయి “వీడు రోజూ లేటే” అంటున్నాడు.

పన్నెండుకు తలుపులు తీసే హోటల్లో పదకొండుకే రావడం ఎందుకని కస్టమర్‌కు అనిపించవచ్చు. ఆ గంటలో జరిగే పని అతనికి కనపడదు మరి. చెంచాలు, ఫోర్కులు వేడినీళ్లలో తీసి మరకల్లేకుండా తుడవాలి. నాప్కిన్లు మడవాలి. ఉప్పు, మిరియాల డబ్బాలు నింపాలి. సైడ్ స్టేషన్‌లో ప్లేట్లు, వాటర్ జగ్గులు, మెనూ కార్డులు సర్దుకోవాలి. పదకొండున్నరకు కెప్టెన్ బ్రీఫింగ్ ఉంటుంది. ఆ రోజు స్పెషల్ ఏమిటి, వంటింట్లో లేని ఐటమ్స్ ఏవి, ఏ పార్టీకి టేబుళ్లు కలపాలి, ఎవరికి ఏ టేబుళ్లు అన్నది అక్కడే తేలుతుంది. ఒకరు అరగంట ఆలస్యమైతే ఆ నాలుగు టేబుళ్ల పని పక్క సెక్షన్ వాడి మీద పడుతుంది. బ్రీఫింగ్ వినని వెయిటర్ లేని రొయ్యల వేపుడుకు ఆర్డర్ తీసుకుంటాడు, కేఓటీ వంటింట్లోకి వెళ్లి వెనక్కి వస్తుంది, కస్టమర్ మొహం మాడుతుంది. ఆఫీసు గుమాస్తా అరగంట లేటైతే ఆ ఫైలు సాయంత్రానికైనా కదులుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనానికి కూర్చున్నవాళ్లు సాయంత్రం దాకా ఆగరు. మేనేజర్ కోపానికి కారణం ఉంది. కానీ ఆ కారణాన్ని ఉత్తరంలో చూపించాలంటే ముందు లెక్క తేలాలి.

కాబట్టి ఉత్తరం పని హాజరు రిజిస్టరు దగ్గర మొదలవుతుంది. జూన్ 2 నుంచి జూలై 13 వరకు ఆరు వారాలు. మంగళవారాలు అతని వీక్లీ ఆఫ్, అవి తీసేస్తే 36 పనిదినాలు. పదకొండుకు రావాలి, పది నిమిషాలు గ్రేస్, 11:10 దాటితే లేట్ అన్నది ఆ రెస్టారెంట్ నియమం. పంచింగ్ మిషన్ ప్రకారం 36 రోజుల్లో లేట్లు పది. “రోజూ” అన్న మాట ఇక్కడే పడిపోయింది. ఇరవై ఆరు రోజులు అతను వేళకే వచ్చాడు. వేళకు వచ్చిన రోజులు ఎవరికీ గుర్తుండవు.

ఆ పదింటినీ ఒక్కొక్కటిగా తిరగేయాలి. చాలామంది మేనేజర్లు ఇక్కడ ఆగరు, మిషన్ ఇచ్చిన ప్రింటవుట్‌ను ఉన్నపళంగా ఉత్తరానికి జతచేస్తారు. మన మేనేజర్ ఆగాడనుకుందాం. జూన్ 14న 11:25కి వచ్చినట్టుంది. ఆ రోజు ఉదయం పెద్ద వాన, “వాన తగ్గాక బయల్దేరు” అని కెప్టెనే ఫోన్‌లో చెప్పాడు. జూన్ 19న 11:14 అని ఉంది. అంతకుముందు రోజు కరెంటు పోయి వచ్చాక మిషన్ గడియారం ఆరు నిమిషాలు ముందుకు జరిగింది, 20వ తేదీన సరిచేశారు. అంటే అసలు సమయం 11:08, గ్రేస్‌లోనే ఉన్నాడు. ఆ రోజు పంచ్ చేసిన మిగతా అందరి టైమూ అలాగే ముందుకుంటుంది కాబట్టి ఈ తేడా పట్టుకోవడం కష్టం కాదు. జూన్ 27న పార్టీ బుకింగ్ ఉందని, అందరూ పదింపావుకే రావాలని ముందురోజు అర్ధరాత్రి దాటాక వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అతను పొద్దున లేచి చూసుకుని 10:55కి వచ్చాడు. అర్ధరాత్రి పెట్టిన మెసేజ్ చూసుకోలేదని ఉదయం లేట్ వేయడం న్యాయం కాదు. డ్యూటీ చార్ట్ మార్చితే కనీసం ముందురోజు షిఫ్టులో ఉండగానే చెప్పాలి. ఈ మూడూ తీసేస్తే మిగిలినవి ఏడు.

ఆ ఏడింటిని వారాల పక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. జూన్ 2, 9, 16, 23. నాలుగూ సోమవారాలే. ఆదివారం రాత్రి హోటల్ పదకొండుకు మూస్తారని బోర్డు మీద ఉంటుంది. చివరి టేబుల్ లేచి, బిల్లు తెగి, కుర్చీలెత్తి, లెక్క అప్పజెప్పేసరికి పన్నెండున్నర. ఆ క్లోజింగ్ డ్యూటీ ప్రతి ఆదివారం ఇతనికే పడుతోంది. పని తెలిసినవాడనీ, మాట వినేవాడనీ కెప్టెన్ అతని పేరే రాస్తున్నాడు. అర్ధరాత్రి దాటాక కంకిపాడు చేరడం ఎంత సేపో ఆ దారిలో తిరిగినవాళ్లకు తెలుసు. లేట్లు ఒకే వారం రోజున వరుస కట్టాయంటే కారణం మనిషిలో వెతికే ముందు డ్యూటీ చార్ట్‌లో వెతకాలి. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, హోటల్ పనిలో ఏళ్లు గడిపిన మేనేజర్లు ముందు చూసేది కూడా ఆ చార్టే.

మన ఉదాహరణలో జూన్ 25న, బుధవారం, మేనేజర్ అతన్ని ఆఫీసు గదిలోకి పిలిచి మాట్లాడాడు. “సార్, ఆదివారం ఇంటికెళ్లి పడుకునేసరికి ఒంటిగంట దాటుతోంది, పొద్దున లేవలేకపోతున్నాను” అన్నాడు వెయిటర్. క్లోజింగ్ డ్యూటీని జూన్ 29 నుంచి నలుగురికీ వంతులు వేశారు. మేనేజర్ ఆ మాటలను రెండు వాక్యాల్లో డైరీలో రాసి తేదీ వేశాడు. నోటి హెచ్చరిక అంటే ఇంతే. రాసిపెట్టని నోటి హెచ్చరికను రేపు ఎవరైనా జరగలేదనవచ్చు, జరిగిందనీ అనవచ్చు.

సోమవారాలు బాగుపడ్డాయి. కానీ జూలై 3, 9, 12 తేదీల్లో మళ్లీ లేట్. గురువారం 11:26, బుధవారం 11:38, శనివారం 11:31. ఇప్పుడు కాగితం మీద పెట్టాల్సిన వేళ వచ్చింది.

అయినా ముందే హెచ్చరిక రాయకూడదు. ముందు సంజాయిషీ అడగాలి. షోకాజ్ నోటీసు అంటే పెద్ద కంపెనీల తతంగమని చిన్న హోటళ్లవాళ్లు అనుకుంటారు గానీ, మూడు తేదీలు, మూడు సమయాలు రాసి “మూడు రోజుల్లో కారణం రాసివ్వండి, రాయడం ఇబ్బందైతే వచ్చి చెప్పండి, మేం రాసుకుంటాం” అంటే అదే షోకాజ్. నింద వేసే ముందు ఎదుటివాడి మాట వినాలన్న సూత్రం మీదే మన కార్మిక న్యాయం నడుస్తుంది. సూత్రం సంగతి అలా ఉంచినా, విన్నందుకు మేనేజర్‌కే లాభం ఎక్కువ. జూలై 14న ఇచ్చిన నోటీసుకు 17న వెయిటర్ ఇచ్చిన జవాబు చూడండి. మూడో తేదీన బండి పంక్చరైంది. తొమ్మిదిన అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాడు, 10:50కి కెప్టెన్‌కు ఫోన్ చేశాడు. పన్నెండున నిద్ర లేవలేదు. కెప్టెన్‌ను అడిగితే “అవును సార్, ఫోన్ చేశాడు, హడావిడిలో మీకు చెప్పడం మరిచిపోయాను” అన్నాడు. ఇది విచారించకుండా 9వ తేదీని ఉత్తరంలో పెట్టి ఉంటే, అబద్ధం కాని ఆ ఒక్క కారణంతో మొత్తం ఉత్తరం మీద నమ్మకం పోయేది.

ఇక మిగిలినవి రెండు. “రెండు లేట్లకే వార్నింగా?” అని వెయిటర్ తరఫున అడగవచ్చు, “పది లేట్లు రెండయ్యాయా?” అని ఓనర్ కూడా అడగవచ్చు. నా దృష్టిలో ఈ రెండూ చాలు. ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడాక, అడిగిన సర్దుబాటు చేశాక, పది రోజుల్లో రెండుసార్లు ముందు మాట చెప్పకుండా రావడం మొదటి హెచ్చరికకు సరిపోయే కారణమే. పై మెట్టు శిక్షకు అది సరిపోదు. పది లేట్ల ఉత్తరంలో వెయిటర్ ఏ మూడింటినో తప్పని చూపించగలిగేవాడు. రెండు లేట్ల ఉత్తరంలో అతను కాదనగలిగింది ఏమీ లేదు.

ఉత్తరం ఇలా ఉండవచ్చు. నోటితో మాట్లాడినప్పుడు “నువ్వు” అన్నా, కాగితం మీద “మీరు” అనే రాయాలి.

తేదీ: 19 జూలై 2025

శ్రీ ………… గారికి, వెయిటర్

విషయం: పనివేళకు ఆలస్యంగా హాజరు కావడంపై మొదటి రాతపూర్వక హెచ్చరిక

పగటి షిఫ్టుకు హాజరు సమయం ఉదయం 11:00 అనీ, 11:10 దాటితే ఆలస్యంగా నమోదవుతుందనీ మీ నియామక పత్రంతో ఇచ్చిన నియమాల్లో ఉంది.

జూన్ 2, 9, 16, 23 తేదీల్లో, అంటే నాలుగు సోమవారాలు, మీరు ఆలస్యంగా వచ్చిన విషయంపై జూన్ 25న మీతో మాట్లాడాం. ఆదివారం రాత్రి క్లోజింగ్ డ్యూటీ వల్ల ఇబ్బంది అవుతోందని మీరు చెప్పారు. జూన్ 29 నుంచి ఆ డ్యూటీని వంతులవారీగా మార్చాం. ఆ నాలుగు రోజులను ఈ హెచ్చరికలో లెక్కించడం లేదు.

ఆ తర్వాత జూలై 3న 11:26కి, జూలై 9న 11:38కి, జూలై 12న 11:31కి మీ హాజరు నమోదైంది. వీటిపై జూలై 14న మీ వివరణ కోరాం. జూలై 17న మీరిచ్చిన వివరణ చదివాం. 9వ తేదీన మీరు 10:50కి కెప్టెన్‌కు ఫోన్ చేసిన మాట నిజమేనని తేలింది. అందువల్ల ఆ రోజును ఈ హెచ్చరికకు కారణంగా తీసుకోవడం లేదు. 3, 12 తేదీల్లో ముందుగా సమాచారం అందలేదు. ఆ రెండు రోజులూ మీ నాలుగు టేబుళ్లను మరో వెయిటర్ సర్దాల్సి వచ్చింది. 12న జరిగిన బ్రీఫింగ్ మొదలయ్యేసరికి మీరు లేరు.

ఈ రెండు రోజుల విషయంలో ఇది మీకు మొదటి రాతపూర్వక హెచ్చరిక. ఇకపై 11:00కు హాజరు కావాలి. తప్పనిసరి ఆలస్యమైతే 10:30 లోపు కెప్టెన్‌కు గానీ నాకు గానీ ఫోన్ చేయాలి. అత్యవసర పరిస్థితిలో వీలైనంత త్వరగా చెబితే చాలు. హాజరు సమయంలో గానీ డ్యూటీ చార్ట్‌లో గానీ మార్పు అవసరమైతే నన్ను అడగవచ్చు.

ఈ హెచ్చరిక 2025 అక్టోబరు 18 వరకు అమల్లో ఉంటుంది. ఈలోగా ముందుగా చెప్పకుండా మళ్లీ ఆలస్యమైతే, మీ వివరణ విన్న తర్వాత రెండో హెచ్చరిక గానీ నియమాల ప్రకారం తదుపరి చర్య గానీ ఉంటుంది. అలా జరగకపోతే గడువు తర్వాత ఈ ఉత్తరాన్ని ఏ చర్యకూ ఆధారంగా తీసుకోం.

ఇందులో ఏదైనా తప్పుగా ఉందనిపిస్తే 7 రోజుల్లో రాసివ్వండి. మీ జవాబును ఈ ఉత్తరంతో పాటే ఫైల్లో ఉంచుతాం.

(సంతకం) మేనేజర్

ఈ ఉత్తరం ప్రతి నాకు అందింది. ఈ సంతకం అందినట్టు మాత్రమే, ఒప్పుకున్నట్టు కాదు.

(సంతకం, తేదీ) వెయిటర్

ఇందులో “నిర్లక్ష్యం” లేదు, “బాధ్యతారాహిత్యం” లేదు, “క్రమశిక్షణ లేని ప్రవర్తన” లేదు. ఆ మాటలు మనిషి మనసును గురించి చెప్పేవి, మేనేజర్ దగ్గర ఉన్నది గడియారం లెక్క మాత్రమే. లేటైన సమయం రాస్తే చదివేవాడికి సంగతి అర్థమవుతుంది, నిర్లక్ష్యమని రాస్తే వాదన మొదలవుతుంది. యూనిఫాం మాసిందనో, టిప్స్ దగ్గర గొడవపడ్డాడనో, ఫోన్ ఎక్కువ చూస్తాడనో ఇందులో కలపలేదు. వాటికి విడిగా సాక్ష్యం ఉంటే విడిగా రాయాలి. అన్నీ ఒకే కాగితంలో కుక్కితే ఈ మనిషిని పంపించేయడానికి సాకు వెతుకుతున్నారని చదివిన ఎవరికైనా అనిపిస్తుంది.

నాకు ఈ ఉత్తరంలో బాగా నచ్చేవి “లెక్కించడం లేదు”, “కారణంగా తీసుకోవడం లేదు” అన్న మాటలు. జూన్ సోమవారాలను దాచలేదు, మళ్లీ వాడుకోలేదు కూడా. ఒకసారి మాట్లాడి పరిష్కరించిన తప్పును తర్వాత తవ్వి తీసి మళ్లీ శిక్షించడం సరికాదు. ఆ రోజులు ఇక్కడ ఉన్నది యాజమాన్యం తన వంతుగా ఏం చేసిందో చూపడానికే.

జీతం కోత సంగతి ఉత్తరంలో లేకపోవడం కూడా కావాలని చేసిందే. మూడు లేట్లకు అరరోజు జీతం కట్ అన్నది హోటళ్లలో బాగా పాతుకుపోయిన లెక్క. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టంలోనూ, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ పనికి లేని సమయానికి కోత, ఆ సమయం మొత్తం పనివేళలో ఎంత భాగమో అంతకు మించకూడదని ఉంది. మన వెయిటర్ మూడు రోజుల్లో కలిపి ఆలస్యమైంది 95 నిమిషాలు. రోజు జీతం 600 రూపాయలు, పనివేళ 480 నిమిషాలు అనుకుంటే కోయగలిగింది 118 రూపాయల 75 పైసలు. అరరోజు కోత అంటే 300. ఆ మీద తీసుకున్న డబ్బు పేరుకు కోతే అయినా నిజానికి జరిమానా. జరిమానాకు నియమాలు వేరు. ఏ తప్పులకు జరిమానా వేస్తారో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసుగా పెట్టి ఉండాలి, వేసే ముందు కారణం అడగాలి, ఒక జీతం గడువులో మొత్తం జరిమానా జీతంలో 3 శాతం దాటకూడదు. ఇవేవీ పాటించకుండా కోత పెట్టి, దాని మీద వార్నింగ్ కూడా ఇస్తే వెయిటర్ ఫిర్యాదు చేయడానికి రెండు కారణాలు దొరుకుతాయి.

చట్టం గురించి ఇంకొక్క మాట. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనాలో “అలవాటుగా ఆలస్యంగా రావడం” దుష్ప్రవర్తన జాబితాలో ఉండేది. ఎన్నిసార్లయితే అలవాటు అన్న అంకె మాత్రం అందులో ఉండేది కాదు. పైగా ఆ చట్టం పెద్ద సంస్థల కోసం చేసింది, అరవై సీట్ల హోటల్ దాని పరిధిలోకి వచ్చేది కాదు. ఇలాంటి హోటళ్లకు వర్తించేది 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. తెలంగాణలోనూ అదే చట్టాన్ని అన్వయించుకున్నారు. ఆరు నెలలు తగ్గకుండా వరుసగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని అది చెబుతుంది. “ఏ క్షణమైనా తొలగిస్తాం” అన్న వాక్యం ఏడాదిన్నర పనిచేసిన మన వెయిటర్ విషయంలో ఉత్త బెదిరింపుగానే మిగులుతుంది. ఆ బెదిరింపు ఉన్న ఉత్తరమే రేపు యాజమాన్యం తొందరపాటుకు సాక్ష్యమవుతుంది.

ఉత్తరం ఎంత బాగా రాసినా ఇచ్చే తీరులో చెడిపోవచ్చు. పదకొండున్నర బ్రీఫింగ్‌లో అందరి ముందు చదివి ఇచ్చేవాళ్లున్నారు, ఫోటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లూ ఉన్నారు. అది హెచ్చరిక కాదు, పరువు తీయడం. భోజనాల రద్దీకి పది నిమిషాల ముందు ఇచ్చినా పొరపాటే, ఆ మనిషి ఆ మధ్యాహ్నమంతా టేబుళ్ల దగ్గర అదే తలుచుకుంటూ తిరుగుతాడు. మూడున్నరకు మొదటి విడత ముగిశాక, ఆఫీసు గదిలో, కెప్టెన్ ఒక్కడినే సాక్షిగా పెట్టుకుని ఇవ్వడం మేలు. చదువుకోవడానికి సమయం ఇవ్వాలి, ప్రతి ఒకటి అతని దగ్గరే ఉంచుకోనివ్వాలి.

చదువుకోవడం అన్నచోట మన హోటళ్లలో ఇంకో చిక్కుంది. తెలుగు రాష్ట్రాల రెస్టారెంట్లలో ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది వెయిటర్లుగా ఉన్నారు. వాళ్లకు ఇంగ్లిష్‌లో టైపు చేసిన మెమో ఇచ్చి సంతకం పెట్టించుకోవడం అంటే అర్థం కాని కాగితం మీద సంతకం తీసుకోవడమే. హిందీలోనో ఒడియాలోనో రాయించాలి. అది కుదరకపోతే ఎవరో ఒకరు చదివి చెప్పి, “ఫలానావారు హిందీలో చదివి వినిపించారు” అని కిందే రాసి వాళ్ల సంతకం కూడా తీసుకోవాలి.

సంతకం పెట్టనంటే గొడవ పడనక్కర్లేదు. “ఉత్తరం ఇచ్చాం, సంతకానికి నిరాకరించారు” అని తేదీ, సమయం వేసి సాక్షి సంతకం చేస్తే సరిపోతుంది. ప్రతిని ఇంటి చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైల్లో పెట్టుకుంటే మరీ మంచిది. సంతకానికి చాలామంది భయపడేది అది తప్పు ఒప్పుకున్నట్టవుతుందనే. అందుకే అందినట్టు మాత్రమే అన్న ఆఖరి వాక్యం ఉత్తరంలో ఉండాలి. ఇదే అదనుగా తెల్లకాగితం మీదో, తేదీ లేని రాజీనామా మీదో సంతకం తీసుకునే హోటళ్లు ఉన్నాయి. అలాంటి కాగితం ఫైల్లో ఉంటే పైనున్న న్యాయమైన ఉత్తరానికి కూడా విలువ పోతుంది.

మరో ప్రశ్న వెయిటర్ నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. మిగతావాళ్ల సంగతేమిటి? మేనేజర్ ఉత్తరం ఇచ్చే ముందు అదే ఆరు వారాలకు మిగతా ఏడుగురి పంచింగ్ కూడా చూసి తీరాలి. మరొకరికి ముందు చెప్పని లేట్లు నాలుగు ఉండి, అతను ఓనర్ ఊరివాడు కాబట్టి నోటి మాట కూడా అనలేదంటే, రెండు లేట్లకు ఉత్తరం ఇవ్వడం పక్షపాతమే. ఇద్దరికీ ఒకే కొలత పెట్టాలి, లేదంటే ఉత్తరం ఆపుకోవాలి.

ఇక ఉత్తరం తర్వాత ఏమవుతుంది? అతను ఆగస్టులో ముందు చెప్పకుండా మళ్లీ లేటైతే రెండో షోకాజ్‌లో ఈ మొదటి హెచ్చరికను కూడా పేర్కొనాలి. పాత రికార్డును శిక్ష బరువు పెంచడానికి వాడుకునేట్టయితే ఆ సంగతి ముందుగానే ఉద్యోగికి చెప్పి జవాబు ఇచ్చే అవకాశం ఇవ్వాలని మైసూరు రాష్ట్రం, మంచే గౌడ కేసులో సుప్రీంకోర్టు 1960ల తొలినాళ్లలోనే చెప్పింది. ఆ కేసు ప్రభుత్వ ఉద్యోగిది. అయినా అందులోని న్యాయం హోటల్ ఫైలుకూ సరిపోతుంది. ఫైల్లోంచి చివరి నిమిషంలో తీసిన పాత కాగితానికి ఎవరైనా ఏం జవాబు చెప్పగలరు?

మన ఉదాహరణలో ఆగస్టు లేట్ లేకుండా గడిచింది. సెప్టెంబరు 5, శుక్రవారం, 10:20కి ఫోన్ వచ్చింది. “సార్, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను, పావుగంట లేటవుతుంది.” వచ్చింది 11:24కి. పావుగంట అన్నాడు, పట్టింది ఇరవై నాలుగు నిమిషాలు. నలభై నిమిషాల ముందే ఫోన్ ఎందుకు చేశాడని అనుమానం రావచ్చు, ఇంకా ఇంటి దగ్గరే ఉన్నాడేమోనని కెప్టెన్ అననూవచ్చు. మేనేజర్ తెరిచి చూడాల్సింది తను రాసిన ఉత్తరాన్నే. 10:30 లోపు చెప్పమన్నాడు, అతను చెప్పాడు. షరతు తప్పలేదు. రిజిస్టరులో “11:24, 10:20కి ఫోన్ చేశారు” అని రాసి, ఆ ఇరవై నాలుగు నిమిషాలు లెక్కలో వేసి ఊరుకోవాలి. కోపంతో ఆ రోజే రెండో మెమో ఇస్తే మొదటి ఉత్తరంలో ఇచ్చిన మాటను మేనేజరే తప్పినట్టవుతుంది. ఆ తర్వాత ఆ హోటల్లో ముందుగా ఫోన్ చేయడానికి ఏ వెయిటరూ తొందరపడడు.

అక్టోబరు 18 దాటాక ఫైల్లో ఒక వాక్యం రాయాలి: “జూలై 19 నాటి హెచ్చరిక గడువు ముగిసింది. ఈ కాలంలో ముందుగా చెప్పని ఆలస్యం నమోదు కాలేదు.” చాలా హోటళ్లలో ఈ వాక్యం ఎవరూ రాయరు, హెచ్చరికలు ఏళ్ల తరబడి ఫైల్లో బతికే ఉంటాయి, మేనేజర్ మారినప్పుడల్లా మళ్లీ బయటికి వస్తాయి. రాసిన ఆ వాక్యం ప్రతిని వెయిటర్‌కూ ఇవ్వాలి. జూలైలో ఇచ్చిన ఉత్తరం అతని దగ్గర ఉంది కాబట్టి ఇది కూడా ఉండాలి.